సరుకు ధర ఆగింది, అప్పు ఆగలేదు

విజయవాడ ఆటోనగర్‌లో బేరింగులు అమ్మే ఒక వ్యాపారి ఉన్నాడనుకుందాం. చైనాలోని నింగ్బో రేవు పట్టణం నుంచి 50,000 డాలర్ల సరుకు తెప్పించుకున్నాడు. ఓడలో సరుకు ఎక్కిన రోజు నుంచి 150 రోజుల్లో డబ్బు కట్టాలన్నది ఒప్పందం. సరుకు 2022 ఫిబ్రవరి 10న ఓడెక్కింది. ఆ రోజు డాలరు సుమారు 75 రూపాయలు, అంటే సరుకు విలువ 37,50,000 రూపాయలు. మే నెలాఖరుకల్లా బేరింగులన్నీ అమ్ముడుపోయాయి. గడువు తేదీ జులై 10 ఆదివారం కావడంతో మర్నాడు సోమవారం బ్యాంకుకు వెళ్లి డబ్బు పంపాడు. ఆ రోజు బ్యాంకు అతని దగ్గర డాలరుకు 79 రూపాయల 60 పైసలు తీసుకుంది. మొత్తం 39,80,000 రూపాయలు.

వ్యాపారి కల్పితమే గానీ రేట్లు మాత్రం ఆ నెలల్లో నిజంగా ఉన్నవాటికి దగ్గరగా, లెక్క సులువు కోసం కాస్త గుండ్రం చేసినవి. ఆ ఏడాది ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్‌పై దాడికి దిగింది, చమురు ధర ఎగిసింది. మార్చి నుంచి అమెరికా ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేట్లు పెంచడం మొదలుపెట్టింది. విదేశీ మదుపరులు మన మార్కెట్ల నుంచి డబ్బు వెనక్కి తీసుకుపోయారు. మార్చి నెలాఖరుకు 76 రూపాయల లోపున్న డాలరు అక్టోబరులో 83 దాటింది. అప్పు మీద సరుకు తెచ్చుకున్న దిగుమతిదారుల్లో చాలామంది ఆ నెలల్లో ఇలాగే ఎక్కువ కట్టారు.

మన వ్యాపారి ఎక్కువ కట్టింది 2,30,000 రూపాయలు. సరుకు మీద అతను వేసుకున్న లాభం ఇన్‌వాయిస్ విలువలో ఏడు శాతం, అంటే 2,62,500. ఆ లాభంలో చేతికి మిగిలింది 32,500. "సరుకంతా అమ్మేశాం, బాకీలన్నీ వసూలయ్యాయి. మరి లాభం ఎటు పోయిందండీ?" అని అతను తన ఆడిటరును అడగడం సహజం. ఆ 2,30,000 బేరింగుల ఖరీదులో భాగమా, కాదా అన్నదాని మీదే జవాబు ఆధారపడి ఉంది. చాలా చిన్న సంస్థల పుస్తకాల్లో దాన్ని కొనుగోళ్ల ఖాతాలోకే తోసేస్తారు. సరుకు కోసమే కట్టాం కదా, సరుకు ఖర్చే అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది గానీ లెక్కల శాస్త్రం ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడానికి గట్టి కారణమే ఉంది.

రెండు వేర్వేరు సంగతులు

ఫిబ్రవరి 10న ఒకేసారి రెండు జరిగాయి. బేరింగులు ఇతని సొంతమయ్యాయి. ఇతను నింగ్బో కంపెనీకి 50,000 డాలర్లు బాకీ పడ్డాడు. ఆ ఒక్క రోజున ఈ రెండింటి విలువా ఒకటే, 37,50,000 రూపాయలు. మర్నాటి నుంచి వాటి దారులు వేరు.

బేరింగులు ఉక్కు వస్తువులు. ఒకసారి కొన్నాక డాలరు పెరిగినా తగ్గినా వాటిని కొన్న ఖరీదు మారదు. బాకీ అలా కాదు. అది ఎంతో తేల్చేది రూపాయలు కాదు, డాలర్లు. ఎప్పుడు అడిగినా 50,000 డాలర్లే, కానీ దాన్ని తీర్చడానికి కావలసిన రూపాయలు రోజూ మారుతుంటాయి. డబ్బు రూపంలో ఇవ్వాల్సిన, రావాల్సిన ఇలాంటి బాకీలను ద్రవ్య అంశాలని, సరుకు, యంత్రాల వంటివాటిని ద్రవ్యేతర అంశాలని లెక్కల ప్రమాణాలు విడదీస్తాయి. మన దేశంలో చిన్న, మధ్య తరహా కంపెనీలు పాటించేది ఏఎస్-11. స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీలు, పెద్ద కంపెనీలు పాటించేది ఇండ్ ఏఎస్-21. ఈ విషయంలో రెండూ ఒకే మాట చెబుతాయి. సరుకును కొన్న రోజు రేటు దగ్గరే ఉంచాలి. బాకీని ఆర్థిక సంవత్సరం చివరి రోజు రేటుతో మళ్లీ లెక్కగట్టాలి. వచ్చిన తేడాను ఆ ఏటి లాభనష్టాల ఖాతాలో, మారకపు తేడా అనే వేరే పద్దు కింద చూపాలి.

లావాదేవీ జరిగింది ఏ రోజున?

కొన్న రోజు రేటు అనడం తేలికే. ఏది కొన్న రోజు అన్నదే చిక్కు. మన ఉదాహరణలో ఇన్‌వాయిస్ జనవరి 25న తయారైంది. చైనా కొత్త సంవత్సరం ఆ ఏడాది ఫిబ్రవరి 1న వచ్చింది గనక సెలవులకు ముందే కాగితాలు పూర్తి చేశారు. సరుకు ఓడెక్కింది ఫిబ్రవరి 10న. చెన్నై రేవులో కస్టమ్స్‌కు బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలైంది మార్చి 8న. లారీ ఆటోనగర్ గోదాముకు చేరింది ఇంకో వారానికి. నాలుగు తేదీలకు నాలుగు రేట్లు.

సరుకు తాలూకు హక్కు, దానితో పాటు నష్టభయం కొనుగోలుదారుకు బదిలీ అయిన రోజే లావాదేవీ జరిగిన రోజు. అది ఒప్పందాన్ని బట్టి తేలుతుంది. ఎఫ్ఓబీ పద్ధతిలో కొంటే సరుకు ఓడలోకి ఎక్కిన క్షణం నుంచి దాని మంచిచెడ్డలు కొన్నవాడివే, నడిసముద్రంలో మునిగినా సరే. ఓడ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ మీద ఆ తేదీ ఉంటుంది. మన వ్యాపారిది ఎఫ్ఓబీ ఒప్పందమే, అందుకే ఫిబ్రవరి 10 రేటు తీసుకున్నాం. జనవరి 25న డాలరు 74.75 ఉందనుకుంటే, ఇన్‌వాయిస్ తేదీతో రాసినప్పుడు 12,500 రూపాయల తేడా వస్తుంది. పెద్ద మొత్తం కాదు. పెద్ద పొరపాటు వేరే చోట జరుగుతుంది.

అది కస్టమ్స్ రేటు దగ్గర. దిగుమతి సుంకం లెక్కగట్టడానికి కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు కస్టమ్స్ చట్టం 14వ సెక్షన్ కింద తనదైన మారకపు రేటు ప్రకటిస్తుంది. సాధారణంగా నెలకు రెండుసార్లు ఇది మారుతుంది. బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలైన రోజున అమల్లో ఉన్న రేటే సుంకానికి వర్తిస్తుంది. మార్చి మొదటి వారంలో చమురు మంటకు రూపాయి 77 దరిదాపులకు పడిపోయింది గనక ఆ పక్షానికి కస్టమ్స్ రేటు 76.50 అనుకుందాం. అప్పుడు బిల్ ఆఫ్ ఎంట్రీలో సరుకు విలువ, ఓడ కిరాయి, బీమా పక్కన పెడితే, 38,25,000 రూపాయలుగా కనిపిస్తుంది. చేతికి వచ్చే ప్రభుత్వ కాగితం అదే కాబట్టి గుమాస్తా ఆ అంకెతోనే కొనుగోలు రాసేస్తాడు.

దాంతో 75,000 రూపాయల మేర సరుకు ఖరీదు పెరిగిపోయింది, బాకీ కూడా లేని రేటుతో మొదలైంది. కస్టమ్స్ రేటు పని సుంకం, దిగుమతిపై ఐజీఎస్టీ లెక్కతో సరి. సుంకం ఎంత కట్టారో అది సరుకు ఖర్చులో చేరుతుంది, ఐజీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది. సరుకు అసలు ఖరీదుకు, అమ్మినవాడి బాకీకి ఆ రేటుతో సంబంధం లేదు. ఇక్కడ మరో అనుమానం వస్తుంది. జీఎస్టీ పోర్టల్‌లోని జీఎస్టీఆర్-2బీలో దిగుమతి విలువ 38,25,000గా ఉంటే మన పుస్తకంలో 37,50,000 ఉంది, తప్పు కదా అని. కాదు. రెండు అవసరాలకు రెండు రేట్లు వాడితే అలాగే ఉంటుంది. సరిపోలాల్సింది కట్టిన ఐజీఎస్టీ మొత్తం, సరుకు విలువ కాదు. విలువలు సరిపోవాలని పుస్తకంలో అంకె దిద్దితే ఆ తప్పు జులై దాకా వెంట వస్తుంది.

జులైలో డాలరుకు నాలుగున్నర రూపాయలు ఎక్కువ కట్టాడు గదా, ఆ మేరకు సుంకం మళ్లీ కట్టాలా అని కూడా కొందరు భయపడతారు. అక్కర్లేదు. బిల్ ఆఫ్ ఎంట్రీ రోజు రేటుతో సుంకం లెక్క ముగిసింది. తర్వాత రూపాయి ఎటు పోయినా దాని జోలికి రారు.

మార్చి 31 సాయంత్రం

ఆర్థిక సంవత్సరం ముగిసిన రోజు. సగం బేరింగులు అమ్ముడయ్యాయి, సగం గోదాములో ఉన్నాయి. నింగ్బో కంపెనీకి ఒక్క డాలరూ ఇంకా కట్టలేదు. ఆ రోజు డాలరు రిఫరెన్స్ రేటు 75 రూపాయల 80 పైసల చిల్లర. ఈ రేటును 2018 జులై నుంచి ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ ప్రకటిస్తోంది, అంతకుముందు రిజర్వ్ బ్యాంకే ప్రకటించేది. 75.80తో గుణిస్తే బాకీ 37,90,000 అయింది. పుస్తకంలో ఉన్నదానికంటే 40,000 ఎక్కువ. ఆ మేరకు బాకీ పెంచి, మారకపు నష్టంగా 2021-22 లెక్కల్లోనే రాయాలి.

గోదాములోని సరుకు మాత్రం 18,75,000 దగ్గరే ఉంటుంది. సుంకం, రవాణా ఖర్చులు దీనికి అదనం, వాటిని ఇక్కడ కలపలేదు. డాలరు పెరిగింది గనక సరుకు విలువా పెరిగిందని దాన్ని 75.80తో గుణించకూడదు.

"ఇంకా కట్టనే లేదు, నష్టం ఎలా వచ్చింది?" అన్నది ప్రతి వ్యాపారీ అడిగే ప్రశ్న. ఆ రోజు రాత్రి అతని ఆస్తి అప్పుల చిట్టా చూసేవారికి, ఉదాహరణకు అతనికి అప్పిచ్చిన బ్యాంకుకు, తెలియాల్సింది ఆ రోజున ఉన్న నిజమైన బాకీ. 37,50,000తో ఆ అప్పు తీరదన్నది ఆనాటికే తెలిసిన సంగతి. తెలిసిన దాన్ని దాచి పెట్టి వచ్చే ఏడాది మీదికి నెట్టడం చదివేవారిని తప్పుదారి పట్టించడమే. ఆదాయపు పన్ను శాఖతో కూడా ఒకప్పుడు ఇదే తగువు నడిచింది. కట్టని డబ్బు మీద నష్టం ఊహాజనితమని, దాన్ని ఆదాయం నుంచి తగ్గించుకోనివ్వమని శాఖ వాదించింది. వుడ్‌వర్డ్ గవర్నర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు 2009లో వ్యాపార లావాదేవీల బాకీపై సంవత్సరాంతంలో లెక్కగట్టిన మారకపు నష్టం నిజమైన ఖర్చేనని తేల్చింది. 2018 ఫైనాన్స్ చట్టం మారకపు లాభనష్టాలను ఆదాయపు పన్ను చట్టంలోనే ఒక సెక్షన్‌గా చేర్చింది.

నష్టానికి వర్తించిన నియమం లాభానికీ వర్తిస్తుంది. ఇది చాలామందికి మింగుడు పడదు. 2025 ఫిబ్రవరిలో డాలరు 87 రూపాయలు దాటింది, మార్చి చివరికి 85న్నర దగ్గరికి దిగింది. ఫిబ్రవరిలో 87 రేటుతో సరుకు కొని, డబ్బు కట్టని వ్యాపారి మార్చి 31న డాలరుకు రూపాయిన్నర చొప్పున లాభం చూపాల్సి వచ్చింది. 50,000 డాలర్లకు 75,000 రూపాయలు. అది చేతికి రాని డబ్బే, అయినా లాభంలో చేరుతుంది. అదే బాకీని వేసవి దాటాక మళ్లీ 86 చొప్పున కట్టి ఉంటే అందులో 25,000 తర్వాతి ఏడాది నష్టంగా తిరిగి వచ్చేది. రెండేళ్లూ కలిపి చూస్తే లాభం 50,000. ఒక ఏడాదిని మాత్రమే చూసి సంబరపడటం గానీ బెంబేలు పడటం గానీ ఎంత తొందరపాటో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

డబ్బు పంపిన రోజు

మళ్లీ మన 2022 వ్యాపారి దగ్గరికి వద్దాం. ఏప్రిల్ 1న కొత్త పుస్తకంలో బాకీ 37,90,000తో మొదలైంది. జులై 11న 39,80,000 కట్టాడు. తేడా 1,90,000. ఇది 2022-23 నష్టం. రెండేళ్ల నష్టాలు కలిపితే 2,30,000.

బ్యాంకు తీసుకున్న 79.60 టీవీలో కనబడిన రేటు కాదు. విదేశాలకు డబ్బు పంపడానికి డాలర్లు అమ్మేటప్పుడు బ్యాంకు మార్కెట్ రేటు మీద కొన్ని పైసలు తన వాటాగా వేసుకుంటుంది. దాన్ని టీటీ సెల్లింగ్ రేటంటారు. డాలరుకు 10 పైసల తేడా అయినా 50,000 డాలర్లకు 5,000 రూపాయలు. ఖాతాదారు అడిగితే ఆ వాటా తగ్గించే వీలు బ్యాంకులకు ఉంటుంది, అడగనివారికి తగ్గదు. ఇలా రేటులో కలిసిపోయిన వాటా ఎలాగూ మారకపు తేడాలోకే పోతుంది. విడిగా వేసే స్విఫ్ట్ ఛార్జీలు, కమీషను, వాటి మీది జీఎస్టీ మాత్రం బ్యాంకు ఖర్చుల పద్దులోకి వెళ్లాలి. అవన్నీ మారకపు నష్టంలో కలిపేస్తే రూపాయి వల్ల ఎంత పోయింది, బ్యాంకు వల్ల ఎంత పోయింది అన్నది ఎప్పటికీ తెలియదు.

ఇక ఆ నష్టాన్ని సరుకు ఖరీదులో కలిపితే ఏమవుతుందో చూద్దాం. జులై 11 నాటికి ఫిబ్రవరి సరుకు ఒక్కటీ మిగల్లేదు. గోదాములో ఉన్నవి మే నెలలో 77 చొప్పున కొన్న బేరింగులు. కొనుగోళ్ల ఖాతాలో 1,90,000 కలిపి సగటు ఖరీదు లెక్కగడితే, ఎప్పుడో అమ్ముడైన సరుకు తాలూకు అప్పు భారం ఈ కొత్త బేరింగుల నెత్తిన పడుతుంది. పక్క కొట్టువాడు అదే బేరింగు తక్కువకు ఎలా ఇస్తున్నాడో ఇతనికి అర్థం కాదు. క్యాష్ క్రెడిట్ ఖాతా కోసం నెలనెలా బ్యాంకుకు ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంటులో సరుకు విలువ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది, దాని మీద వాడుకునే పరిమితీ తప్పుగా పెరుగుతుంది. తనిఖీకి వచ్చిన అధికారి ఇన్‌వాయిస్‌లు తీయమంటే ఆ విలువకు ఆధారం చూపలేరు.

వేరే పద్దులో ఉంచితే వ్యాపారికి ఒక నిజం కనిపిస్తుంది. అతను చేస్తున్నది బేరింగుల వ్యాపారం ఒక్కటే కాదు. ఐదు నెలల పాటు డాలర్లలో అప్పు మోస్తున్నాడు. బేరింగుల మీద ఏడు శాతం లాభం వచ్చింది. డాలరు అప్పు మీద ఆరు శాతం పైగా పోయింది. రెండోది సరుకులో కలిసిపోతే, బేరింగుల మీదే లాభం లేదని ఆ రకం సరుకు తెప్పించడం మానేస్తాడు. తప్పు సరుకుది కాదు.

అరువుకు అసలు ఖరీదెంత?

విదేశీ సరఫరాదారు ఇచ్చే అరువును మన దిగుమతిదారుల్లో చాలామంది వడ్డీ లేని అప్పుగా చూస్తారు. దాన్ని లెక్కగట్టే పద్ధతి ఉంది, అదేమంత కష్టం కాదు.

నింగ్బో కంపెనీ వెంటనే డబ్బు పంపితే 49,000 డాలర్లకే ఇస్తానందని అనుకుందాం. ఫిబ్రవరి 10న 75 చొప్పున కట్టేస్తే 36,75,000 రూపాయలతో పోయేది. 150 రోజుల అరువు తీసుకుని, డాలరు పెరుగుతుందేమోనన్న భయం లేకుండా అదే రోజు బ్యాంకుతో ఫార్వర్డ్ ఒప్పందం చేసుకుంటే? జులైలో 50,000 డాలర్లు ఇంత రేటుకే అమ్ముతానని బ్యాంకు ఇప్పుడే మాటిస్తుంది. ఆ రేటు 75 ఉండదు. మన దేశంలో వడ్డీ రేట్లు అమెరికాలో కంటే ఎక్కువ గనక, ఆ తేడా మేరకు ముందు నెలల డాలరు ఖరీదుగా ఉంటుంది. ఆ ప్రీమియం ఐదు నెలలకు రూపాయి పావలా అనుకుంటే ఫార్వర్డ్ రేటు 76.25. జులైలో కట్టాల్సింది 38,12,500, అంతకు పైసా ఎక్కువ కాదు.

ఇప్పటి 36,75,000కి, అప్పటి 38,12,500కి తేడా 1,37,500. ఐదు నెలల అరువు అసలు ఖరీదు ఇది. శాతంలో 3.74, ఏడాదికి లెక్కగడితే దాదాపు 9.1. ఇతనికి బ్యాంకు క్యాష్ క్రెడిట్ మీద పది శాతం వడ్డీ పడుతుంటే చైనా అరువు కాస్త చవక. ఎనిమిదిన్నరకే దొరుకుతుంటే, ఆ డబ్బుతో వెంటనే కట్టేసి తగ్గింపు తీసుకోవడం మేలు. ఫార్వర్డ్ తీసుకోకుండా ఈ రెండింటినీ పోల్చడం కుదరదు, ఎందుకంటే అరువు ఖరీదులో సగం జులైలో గానీ తెలియదు.

ఫార్వర్డ్ తీసుకుని ఉంటే పుస్తకాల్లో ఎలా ఉండేదో కూడా చూడాలి. ఏఎస్-11 ప్రకారం 62,500 రూపాయల ప్రీమియాన్ని ఒప్పందం నడిచే 150 రోజులకు పంచుతారు. మార్చి 31 దాకా 49 రోజులు, సుమారు 20,400 ఆ ఏడాది ఖర్చు. మిగిలిన 42,100 తర్వాతి ఏడాది ఖర్చు. మార్చి 31న బాకీ మీద 40,000 నష్టం మామూలుగానే వస్తుంది, కానీ ఒప్పందం మీద అంతే లాభం వచ్చి దాన్ని కొట్టేస్తుంది. జులైలోని 1,90,000 కూడా అలాగే సరిపోతుంది. ఇండ్ ఏఎస్ పాటించే కంపెనీలు మాత్రం ఒప్పందాన్ని ఆనాటి మార్కెట్ విలువకు చూపాలి, వాటి లెక్క ఇంకాస్త చిక్కుగా ఉంటుంది.

ఫార్వర్డ్ వల్ల రాని లాభం ఒకటుంది. జులైలో డాలరు 74కి పడిపోయినా ఇతను 76.25 కట్టాల్సిందే. అమ్మకం ధర 75 లెక్కన వేసుకున్న వ్యాపారికి ఇది బాధ కలిగించవచ్చు గానీ, ముందే తెలిసిన రూపాయి పావలా ఖర్చును అమ్మకం ధరలో కలుపుకోవచ్చు. ముందు తెలియని నాలుగున్నర రూపాయలను ఏ ధరలోనూ కలపలేం. ఏడు శాతం లాభంతో నడిచే వ్యాపారం ఆరు శాతం ఊగే అప్పును కప్పు లేకుండా మోయకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఇరవై ఐదు, ముప్ఫై శాతం లాభం ఉన్న సరుకైతే మోయగలదు, అది యజమాని ఇష్టం. ఒక్క జాగ్రత్త. ఓడ ఆలస్యమై, సరుకులో లోపం తేలి చెల్లింపు వాయిదా పడితే ఒప్పందాన్ని పొడిగించడానికో రద్దు చేయడానికో మళ్లీ ఖర్చవుతుంది. గడువు తేదీ మీద నమ్మకం లేని బిల్లుకు మొత్తం కాకుండా కొంత భాగానికే ఫార్వర్డ్ తీసుకోవడం ఉత్తమం.

అడ్వాన్సు ఇచ్చినప్పుడు

చాలా ఒప్పందాల్లో కొంత సొమ్ము ముందే ఇవ్వాలి. మన వ్యాపారి జనవరి 10న 30 శాతం, అంటే 15,000 డాలర్లు 74.30 చొప్పున పంపాడనుకుంటే అందుకు 11,14,500 అయింది. మిగతా 35,000 డాలర్లు ఫిబ్రవరి 10 రేటుతో 26,25,000. సరుకు ఖరీదు ఈ రెండింటి మొత్తం 37,39,500. అడ్వాన్సు భాగానికి ఓడెక్కిన రోజు రేటు వేయరు, ఎందుకంటే దానికి ప్రతిగా వచ్చేది డబ్బు కాదు, సరుకు. అదే కారణంగా, సరుకు రాకముందే మార్చి 31 వస్తే ఆ అడ్వాన్సును కొత్త రేటుతో లెక్కగట్టకూడదు. ఒప్పందం రద్దయి డాలర్లు వెనక్కి రావలసిన పరిస్థితి వస్తే మాత్రం అది డబ్బు బాకీగా మారిపోతుంది, అప్పటి నుంచి రేటు మారినప్పుడల్లా అదీ మారుతుంది.

అమ్మకానికి కాకుండా ఫ్యాక్టరీలో వాడుకోవడానికి యంత్రం తెప్పిస్తే ఆదాయపు పన్ను లెక్క వేరు. అక్కడ మారకపు తేడాను డబ్బు కట్టిన ఏడాది యంత్రం ఖరీదులోనే కలిపి, తరుగుదల రూపంలో పొందాలి. పుస్తకంలో ఒక అంకె, పన్ను లెక్కలో మరో అంకె ఉంటాయి. ఈ తేడా తెలియక యంత్రాల బాకీని కూడా బేరింగుల బాకీలాగే రాసి, పన్ను నోటీసు వచ్చాక వెతుక్కునేవారున్నారు.

పుస్తకం తప్పిందని ఎలా తెలుస్తుంది?

సరఫరాదారు ఖాతాను రెండు వరుసల్లో, డాలర్లలోనూ రూపాయల్లోనూ నడపాలి. బాకీ మొత్తం కట్టేశాక రెండూ సున్నా కావాలి. డాలర్లు సున్నా అయి రూపాయలు మిగిలితే అది మారకపు తేడా, ఇంకా రాయలేదన్నమాట. టాలీలో బహుళ కరెన్సీ పద్ధతిలో బిల్లులు రాస్తే ఆ మొత్తం బ్యాలెన్స్ షీటులో `Unadjusted Forex Gain/Loss` అని విడిగా కనిపిస్తుంది. దాన్ని చూసి జర్నల్ రాసి సరిచేయాలి. ఏళ్ల తరబడి ఆ వరుస అలాగే ఉన్న పుస్తకాలు కొల్లలు. అంటే ఏ ఏటి నష్టం ఆ ఏడాది చూపలేదని అర్థం.

డాలర్లే సున్నా కాకపోతే కారణం రేటు కాదు. మూడు మామూలు కారణాలుంటాయి. దారిలో మధ్యవర్తి బ్యాంకు తన రుసుము తీసుకుని ఉండొచ్చు. 50,000 పంపితే సరఫరాదారుకు 49,975 చేరాయని, ఇంకా 25 డాలర్లు రావాలని అతను ఈమెయిల్ పెడతాడు. డబ్బు పంపేటప్పుడు అన్ని ఛార్జీలూ పంపేవాడే భరించే పద్ధతి ఎంచుకుంటే ఇది చాలా వరకు తప్పుతుంది. పాడైన పెట్టెలకు అతను ఇచ్చిన తగ్గింపును రాయడం మరిచి ఉండొచ్చు. ఆ తగ్గింపు మారకపు లాభం కాదు, సరుకు కొన్న రేటుతోనే సరుకు ఖరీదులోంచి తీసేయాలి. లేదా ఒక బిల్లుకు పంపిన డబ్బు పొరపాటున మరో బిల్లుకు ఎదురుగా రాసి ఉండొచ్చు. బిల్లుబిల్లుకూ రేటు వేరు గనక, ఈ మూడో పొరపాటు నష్టం అంకెను కూడా తారుమారు చేస్తుంది.

సొంత పుస్తకం ఒక్కటే చాలదు, బ్యాంకు వైపు కూడా చూసుకోవాలి. 2016 నుంచి రిజర్వ్ బ్యాంకు నడుపుతున్న ఐడీపీఎంఎస్ అనే వ్యవస్థలో ప్రతి విదేశీ చెల్లింపుకూ ఎదురుగా ఒక బిల్ ఆఫ్ ఎంట్రీ కట్టాలి. అక్కడ పోల్చేది డాలర్లలో, రూపాయల్లో కాదు. అందుకే 25 డాలర్లు తేడా ఉన్నా ఆ పద్దు తెరిచే ఉంటుంది. ఏడాది చివర్లో సరఫరాదారు నుంచి డాలర్లలో బాకీ ధ్రువీకరణ తెప్పించుకుని, దాన్ని ఖాతాలోని డాలర్ల వరుసతోనూ, బ్యాంకు చూపించే తెరిచి ఉన్న పద్దులతోనూ పోల్చాలి. మూడూ ఒకటైతే, ఆ డాలర్లను మార్చి 31 రేటుతో గుణించడమే మిగిలిన పని.